మద్యం తాగితే మాట తడబడేది నాలుక వల్ల కాదు

“కొంచెం తాగగానే మనసు తేలికపడుతుంది, మొహమాటం పోతుంది. ఇంకాస్త తాగితే మాట ముద్దముద్దగా వస్తుంది. గాబా, గ్లూటమేట్ అనే రసాయనాల వల్లే ఇదంతా అంటారు. ఎలా?”

నేను ఆసుపత్రి అత్యవసర విభాగంలో వైద్యుడిని. రాత్రి డ్యూటీల్లో ఈ మార్పులన్నీ తరచూ కళ్లారా చూస్తుంటాను.

గాబా నాడీకణాలను శాంతపరుస్తుంది, గ్లూటమేట్ వాటిని ఉత్తేజపరుస్తుంది. కణం మీద గాబా వచ్చి అతుక్కునే గ్రాహకం తెరుచుకుంటే క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళ్తాయి, దాంతో ఆ కణం సంకేతం పంపడం కష్టమవుతుంది. మద్యం ఈ ప్రభావాన్ని పెంచుతుంది. అదే సమయంలో గ్లూటమేట్‌ను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అణచివేస్తుంది. రెండు వైపుల నుంచీ మెదడు మందగించడంతో ఆందోళన తగ్గి హాయిగా అనిపిస్తుంది. ఆ హాయిలో డోపమైన్ అనే మరో మెదడు రసాయనం పాత్ర కూడా కొంత ఉంది.

మొహమాటం పోవడాన్ని చాలామంది హుషారు అనుకుంటారు. నిజానికి నుదుటి వెనుక ఉండే మెదడు భాగం ‘ఈ మాట ఇక్కడ అనకూడదు’ అని మనల్ని ఆపుతూ ఉంటుంది. కొద్ది మోతాదుకే దాని పనితీరు సడలుతుంది. కొత్తగా వచ్చిన ధైర్యమేమీ లేదు, ఆపేది బలహీనపడిందంతే. మోతాదు పెరిగేకొద్దీ చిన్నమెదడు పని కూడా చెడుతుంది. పెదవులు, నాలుక, శ్వాస ఏ క్షణంలో ఎంత కదలాలో సరిచూసేది అదే. అందుకే మాట తడబడే మనిషికి నడక కూడా తూలుతుంది.

అయితే మాట స్పష్టంగా ఉంది కాబట్టి ఎక్కువ తాగలేదని అనుకోవద్దు. ఏళ్ల తరబడి రోజూ తాగే ఒకాయన కాలు విరిగి మా దగ్గరికి వచ్చారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 200 మిల్లీగ్రాములకు పైగా ఆల్కహాల్ ఉన్నా చక్కగా మాట్లాడారు. అలవాటు లేనివారైతే ఆ స్థాయిలో నిలబడటమే కష్టం. రోజూ వచ్చిపడే మద్యానికి ఎదురుగా ఆయన మెదడు తనను తాను సర్దుకుంది. గాబా గ్రాహకాలు మొద్దుబారాయి, ఎన్‌ఎండీఏ గ్రాహకాలు పెరిగాయి.

మర్నాటి సాయంత్రానికి ఆయన చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, రాత్రి మూర్ఛ వచ్చింది. మద్యం రక్తంలోంచి వెళ్లిపోయింది గానీ మెదడులోని సర్దుబాటు ఒక్కరోజులో పోదు. శాంతపరిచే గాబా చాలలేదు, గ్లూటమేట్‌కు అడ్డు లేకుండా పోయింది. రోజూ తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు సాధారణంగా 6 నుంచి 48 గంటల్లోపే వస్తాయి. అందుకే శస్త్రచికిత్సకు ముందు తాగుడు అలవాటు గురించి ఇంటివాళ్లను మేం పదేపదే అడుగుతాం. దయచేసి దాచకండి.

ఆయనకు మెదడును శాంతపరిచే లోరాజెపామ్ అనే మందు ఇచ్చాం. అది కూడా గాబా గ్రాహకం మీదే పనిచేస్తుంది. మద్యంతో కలిపి వేసుకుంటే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉన్నదీ ఈ కారణంగానే. రక్తంలో మద్యం లేనప్పుడు, మా కళ్లెదుట, లెక్కప్రకారం ఇచ్చి కొద్ది రోజుల్లో తగ్గిస్తూ ఆపేశాం.