స్టీరింగ్ లేని కారు, పక్క సీట్లో అన్నయ్య

“మేడమ్, నా వయసు 31. వారంలో రెండు మూడు రాత్రులు ఒకటే కల. కారు నడుపుతుంటాను, బ్రేక్ తొక్కితే పట్టదు. ఒక్కోసారి స్టీరింగే ఉండదు. పక్క సీట్లో అన్నయ్య ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. నాన్న పోయాక నన్ను చదివించింది అన్నయ్యే. ఇప్పుడు ఉద్యోగం మానేసి తన వ్యాపారంలోకి రమ్మంటున్నాడు. ఆలోచిస్తానని చెప్పి నాలుగు నెలలైంది. జీవితం ఎటు పోతోందో తెలియడం లేదు. ఈ కల ప్రమాదానికి సూచనా? డ్రైవింగ్ మానేయనా?”

సూచన కాదు. పగలు నిద్రమత్తు లేకపోతే నిక్షేపంగా నడపండి.

మీరు కారు గురించి అడిగారు, నాకు మాత్రం పక్క సీటు కనిపిస్తోంది. కలలకు డిక్షనరీ అర్థాలు ఉంటాయని నేను నమ్మను. బ్రేక్ పట్టని ఆ క్షణంలో కలిగే భావం పగలు ఎప్పుడు కలుగుతోందో చూడమంటాను. అన్నయ్య ఫోన్ మోగినప్పుడు మీ కడుపులో ఏమవుతోంది? “ఆలోచిస్తా” అన్న ప్రతిసారీ మీరు బ్రేక్ తొక్కుతున్నాననుకుంటున్నారు. ఆయనకది సగం ఒప్పుకున్నట్టే వినిపిస్తోంది. బండి ఆగదు మరి.

చదివించిన అన్న రుణం పెద్దదే, కాదనను. ఆయనకు కష్టమొస్తే ముందు నిలబడాల్సింది మీరే. అయితే ఆ రుణానికి మీ ఉద్యోగాన్ని తాకట్టు పెట్టనక్కర్లేదు. ఫోన్‌లో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి: “అన్నయ్యా, వ్యాపారంలోకి రాను. ఆదివారాలు లెక్కలు చూసిపెడతాను.” కారణాలు వరసగా చెప్పకండి, ఒక్కో కారణానికీ ఆయన దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. ఒకవేళ మీకే వెళ్లాలనుంటే, ఏ పని, ఎంత జీతం, ఎంత కాలం అన్నది ముందే మాట్లాడుకుని వెళ్లండి.

కల విషయానికొస్తే, పదేపదే వచ్చే పీడకలలకు నిపుణులు చేయించే ఒక సాధన ఉంది. పగలు, మెలకువగా ఉన్నప్పుడు కలను కాగితం మీద రాయండి. తర్వాత దాన్ని మీకు నచ్చినట్టు మార్చండి. ఉదాహరణకు, గేరు తగ్గిస్తారు, బండి నెమ్మదిస్తుంది, పక్కకు తీసి ఆపుతారు, కిందికి దిగుతారు. చేతికి తగిలే తలుపు పిడి దాకా రాయండి. ఆ మార్చిన కలనే రోజూ పది, ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోండి. పాత కలను నెమరేయకండి. కొన్ని వారాలు పట్టొచ్చు. కొత్త కథలో అన్నయ్యను ఎక్కడ కూర్చోబెడతారో మీ ఇష్టం. నేనైతే వెనక సీట్లో, గౌరవంగా కూర్చోబెడతాను.

కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టాకే ఈ కలలు వచ్చాయా? బీపీకి, డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులతో పీడకలలు రావచ్చు. మీ అంతట మీరు మానేయకుండా డాక్టర్‌కి చెప్పండి. నిద్రలో నిజంగానే కాళ్లు విసురుతున్నారని, అరుస్తున్నారని ఇంట్లోవాళ్లు అంటే అది వేరే సమస్య, నిద్ర వైద్యుడికి చూపించాలి.

అన్నయ్యతో మాట్లాడాక ఆ వారం ఎన్ని రాత్రులు కల వచ్చిందో నాకు రాయండి.