జీతం మీమ్‌లు, సోమవారం మీమ్‌లు ఉద్యోగులకు అంతగా ఎందుకు తగులుతాయి?

ప్రశ్న: సోమవారం పొద్దున్న గురించీ, నెలాఖరు రాకముందే ఖాళీ అయిపోయే జీతం గురించీ వచ్చే మీమ్‌లు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లందరికీ అంతలా ఎందుకు నచ్చుతున్నాయి? నిజంగానే అందరి పరిస్థితీ అంతేనా?

నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో జీతాల విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగుల జీతాల లెక్కలు చూడడమే నా పని కాబట్టి, ముందుగా జీతం సంగతి చెబుతాను.

మా వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరిగే మీమ్ ఒకటుంది. పై బొమ్మలో జీతం జమ అయినట్టు బ్యాంకు సందేశం, పక్కనే విప్పారిన ముఖంతో బ్రహ్మానందం ఉంటారు. కింది బొమ్మలో వరుసగా నాలుగు డెబిట్ సందేశాలు, అదే బ్రహ్మానందం శూన్యంలోకి చూస్తున్న ముఖం ఉంటాయి. రెండు బొమ్మల మధ్య గడిచిన కాలం ఒక్క రోజు అన్నట్టుగా ఆ మీమ్ కనిపిస్తుంది. చూసినవాళ్లు అది అతిశయోక్తి అనుకుంటారు గానీ, జీతాల లెక్క తెలిసినవాళ్లకు అందులో అతిశయోక్తి చాలా తక్కువ.

ఏడాదికి 7,20,000 ప్యాకేజీ ఉన్న ఒక ఉద్యోగి సంగతే తీసుకుందాం. మా ఆఫీసులో నేను చూసినవాళ్ల లెక్కలకు దగ్గరగా ఉండేలా అంకెలు వేస్తున్నాను. నెలకు 60,000 అని ఇంట్లోవాళ్లూ బంధువులూ అనుకుంటారు. బేసిక్ 30,000 అయితే, దాని మీద 12 శాతం చొప్పున యాజమాన్యం కట్టే పీఎఫ్ 3,600, గ్రాట్యుటీ కింద చూపే సుమారు 1,440, ఈ రెండూ ఆ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. అంటే స్లిప్పులో మొత్తం జీతం 54,960 దగ్గర మొదలవుతుంది. అందులోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 3,600, వృత్తి పన్ను 200 పోతే ఖాతాలో పడేది 51,160. ఈ స్థాయి జీతానికి ఇప్పటి కొత్త పన్ను విధానంలో ఆదాయపు పన్ను పడదు కాబట్టి కోత అక్కడితో ఆగుతుంది.

అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. ఇంటి అద్దె, మెయింటెనెన్సు కలిపి 16,000, అక్క పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్ వాయిదా 9,800, బండి వాయిదా 4,200, చీటీ 5,000, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది 8,000. మొత్తం 43,000. ఇవన్నీ దాదాపు 10వ తేదీ లోపే కట్టవలసినవి, ఎందుకంటే జీతాలు నెలాఖరునో ఒకటినో పడతాయని తెలిసిన రుణ సంస్థలు, ఇంటి యజమానులు, చీటీల నిర్వాహకులు తమ తేదీలను ఆ వారంలోనే పెట్టుకుంటారు. జీతాలను ఖాతాల్లో వేయడానికీ, వాయిదాలను ఖాతాల్లోంచి వాటంతటవే తీసుకోవడానికీ బ్యాంకులు వాడే నాచ్ పద్ధతి 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాల్లోనూ సెలవుల్లోనూ పనిచేస్తోంది. దానివల్ల జీతం సెలవురోజైనా పడుతుంది, వాయిదా కూడా సెలవురోజైనా పోతుంది. వాయిదా తేదీ ఆదివారం వస్తే ఒకరోజు దొరికే వెసులుబాటు అలా పోయింది. ఆ రోజు ఖాతాలో డబ్బు లేకపోతే అప్పిచ్చినవాళ్లూ ఖాతా ఉన్న బ్యాంకూ విడివిడిగా బౌన్స్ ఛార్జీలు వేస్తారు.

మిగిలింది 8,160. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, పెట్రోలు, మధ్యాహ్నం క్యాంటీను, ఎవరింట్లోనైనా శుభకార్యం వస్తే చదివింపులు, అన్నీ ఇందులోనే జరగాలి. 20వ తేదీ దాటాక ఇది చాలదు కాబట్టి క్రెడిట్ కార్డు బయటికి వస్తుంది. ఈ నెల చివరి పది రోజుల్లో కార్డు మీద 5,000 వాడితే, ఆ బిల్లు వచ్చే నెల జీతంలోంచి పోతుంది. అప్పుడు మిగిలేది 8,160 కాదు, 3,160. కార్డు మరింత ముందుగానే, బహుశా 12వ తేదీకే, బయటికి వస్తుంది. జీతం నెల మధ్యలో అయిపోవడం కంటే, ఈ నెల జీతంలో కొంత భాగం గత నెలలోనే అయిపోయి ఉండడం అసలు చిక్కు. దీన్ని గుర్తించడానికి నేను అడిగినవాళ్లకు చెప్పేది ఒక్కటే: ప్రతి నెలా 10వ తేదీన ఖాతాలో ఉన్న నిల్వను రాసుకోండి. పండగ నెలనూ, పిల్లల ఫీజులు కట్టే జూన్ నెలనూ పక్కనపెట్టి చూసినా ఆ అంకె నెలనెలా తగ్గుతోందంటే ఖర్చు దుబారా కాకపోయినా కార్డు జీతాన్ని ముందుకు లాగుతోందని అర్థం.

ఇదంతా ఒక మీమ్‌లోకి వచ్చినప్పుడు ఎందుకు తగులుతుందంటే, ఆఫీసులో జీతం గురించి మాట్లాడే దారి వేరే లేదు. పక్క కుర్చీలో కూర్చున్నవాడి జీతం ఎంతో ఎవరికీ తెలియదు, అడగడం మర్యాద కాదు, చాలాచోట్ల చెప్పకూడదనే నియమం కూడా ఉంటుంది. ఇక చేతిలో డబ్బు లేదని చెప్పుకోవడం మన కుటుంబాల్లో పరువుకు సంబంధించిన విషయం. మీమ్ ఫార్వర్డ్ చేసిన మనిషి తన జీతం అంకె చెప్పకుండానే, అప్పు అడగకుండానే, తన పరిస్థితి ఇదీ అని చెప్పగలుగుతాడు. కింద వచ్చే నవ్వు గుర్తులు "నాదీ అంతే" అనే జవాబు. 20వ తేదీ దాటాక ఇవి ఎక్కువగా తిరగడం నేను గమనించాను. ఆ రోజుల్లోనే "మేడమ్, ఈసారి జీతం ఒకరోజు ముందు పడుతుందా?" అని నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఎక్కువవుతారు. ఉగాది నాడు పంచాంగంలో తమ రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని వచ్చినప్పుడు జనం దాన్ని పంచుకుని నవ్వుకోవడంలోనూ ఇదే ఊరట ఉందని నా అభిప్రాయం.

సోమవారం సంగతి ఇంతకంటే సూటిగా ఉంటుంది. మిగతా రోజుల్లో 11 గంటలకు పడుకుని 6 గంటలకు లేచే మనిషి శుక్ర, శనివారాల్లో 2 గంటలకు పడుకుని 10 గంటలకు లేస్తే, ఆదివారం రాత్రి అతనికి నిద్ర వేళకు పట్టదు. నిద్ర మీద పరిశోధన చేసేవాళ్లు దీనికి సోషల్ జెట్‌లాగ్ అని 2006లోనే పేరు పెట్టారు. దీనికి తోడు ఆదివారం రాత్రి విజయవాడలోనో ఖమ్మంలోనో బస్సెక్కి తెల్లవారుజామున ఎల్బీ నగర్‌లో దిగి, గదికి వెళ్లి స్నానం చేసి నేరుగా ఆఫీసుకు వచ్చేవాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నారు.

అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లకు ఇంకో భారం ఉంది. న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు పంపిన మెయిల్, వేసవిలో అయితే ఇక్కడికి శనివారం తెల్లవారుజామున 2 గంటలకు చేరుతుంది. దాన్ని సోమవారం 9 గంటలకు తెరిచేసరికి అక్కడ ఆదివారం రాత్రి పదకొండున్నర. అనుమానం అడగడానికి సాయంత్రం దాకా మనిషి దొరకడు, ఇక్కడి మేనేజరు మాత్రం పొద్దున్న మీటింగులోనే ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. జవాబు చెప్పలేని ఆ కొన్ని గంటల ఇబ్బందిని పైవాళ్లకు చెప్పుకోలేక మీమ్ రూపంలో తోటివాళ్లకు చెప్పుకుంటారు.

అందరి పరిస్థితీ ఇంతేనా అని అడిగారు. కాదు. శనివారం కూలి లెక్క చూసుకునే తాపీమేస్త్రికి నెలాఖరు మీమ్ పట్టదు, ఎందుకంటే అతని ఇబ్బంది వర్షం పడిన వారంలో వస్తుంది. మంగళవారం సెలవు ఉండే క్షౌరశాల పనివాళ్లకు సోమవారం వారం చివరి రోజు. ఆఫీసుల్లో కూడా అద్దె, వాయిదాలు లేని కొత్త ఉద్యోగులు జీతం మీమ్‌కు నవ్వి ఊరుకుంటారు. వాళ్లకు మొదటి బండి వాయిదా మొదలైన రెండు మూడు నెలలకు అదే మీమ్‌ను వాళ్లే పంపడం నేను చాలాసార్లు చూశాను.