పైపులైన్ రిపోర్టులో పని పరిస్థితి చెప్పే రంగుగా ఆంబర్ పెట్టాలా, రెడ్ పెట్టాలా?

"పలాస దగ్గర 12 కి.మీ. తాగునీటి పైపులైన్ పని. గడువు 24 వారాలు, సగం గడిచేసరికి 4.5 కి.మీ. అయింది. రైల్వే ట్రాక్ కింద దాటడానికి అనుమతి ఇంకా రాలేదు. రెడ్ పెడితే పైవాళ్లు కంగారు పడతారని మా సార్ ఆంబరే ఉంచమంటున్నారు. ఏం చెయ్యాలి?"

అన్నా, ఇప్పటిదాకా ఎంత అయిందన్నది కాదు, ఇదే వేగంతో ఎప్పటికి పూర్తవుతుందో చూసి రంగు వెయ్యండి. మీరు వారానికి 375 మీటర్లు వేస్తున్నారు. మిగిలిన 7.5 కి.మీ.కి ఇంకో 20 వారాలు కావాలి, అంటే 8 వారాల ఆలస్యం. గడువులో పది శాతం వెసులుబాటు ఇచ్చినా అది రెండున్నర వారాల లోపే, కాబట్టి పని సమయానికే నడుస్తోందని చెప్పే గ్రీన్ మాటే లేదు.

పని వెనకబడినా మీ చేతిలో ఉన్న మనుషులతో, డబ్బుతోనే గాడిలో పెట్టగలిగితే అది ఆంబర్. రెండో గ్యాంగ్‌ని దించితే వారానికి 750 మీటర్లు పడి, 22వ వారానికి పని అయిపోతుంది. గ్యాంగ్ దిగే తేదీ రిపోర్టులో రాయగలిగితేనే ఆ రంగు పెట్టండి.

కానీ ట్రాక్ దగ్గర ఎన్ని గ్యాంగ్‌లున్నా అనుమతి లేకుండా తవ్వలేరు. అది మీ చేతిలో లేదు, కాబట్టి రెడ్డే. పక్కనే ఎవరు, ఏ తేదీలోగా, ఎవరితో మాట్లాడాలో ఒక్క లైను రాయండి. ఆ లైను ఉంటే కంగారు చాలా తగ్గుతుంది.

విజయనగరంలో ఒక బిల్డింగు పనికి కరెంటు కనెక్షన్ రాక నేను అయిదు నెలలు ఆంబర్ పెట్టుకుంటూ పోయాను. ఆరో నెల రెడ్ పెడితే, "ముందే చెప్తే ఒక్క ఫోన్‌తో అయిపోయేది కదమ్మా" అన్నారు పెద్దాయన.