గుంటూరు హక్కులు కొన్నావని విన్నాక

చిరంజీవి బుజ్జికి, మామయ్య ఆశీస్సులు.

ఒక సినిమాకి ఉమ్మడి గుంటూరు జిల్లా పంపిణీ హక్కులు నువ్వే కొన్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది. ఆ వెంటనే "ట్రైలర్‌కి అరవై లక్షల వ్యూస్ అంట అన్నయ్యా, ఇంకో పది థియేటర్లు పెంచుతోంది" అంది. ఆ మాట విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోస్టర్లు టైముకి పంపడం, థియేటర్‌కి కంటెంట్ చేరిందో లేదో ముందురోజే చూసుకోవడం నీకు తెలిసినవే. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

2018లో నేనూ ఇదే జిల్లాకి ఒక చిన్న సినిమా తీసుకున్నాను. పాటకి నలభై రెండు లక్షల వ్యూస్. ఆ అంకె చూసి తొమ్మిది థియేటర్లు అనుకున్నవాణ్ణి ఇరవై రెండు చేశాను. మినిమం గ్యారంటీ డబ్బు కట్టడానికి మీ అత్తయ్య గాజులు బ్యాంకులో పెట్టాను. శుక్రవారం మ్యాట్నీకి నరసరావుపేట నుంచి మేనేజర్ ఫోన్ చేసి, "ముప్పై ఒక్క టికెట్లు తెగాయండీ, షో వెయ్యమంటారా?" అన్నాడు. వెయ్యమన్నాను. ఆ వారం వసూళ్లు థియేటర్ అద్దెలకే సరిపోలేదు.

తర్వాత నిర్మాత ఆఫీసులో యూట్యూబ్ లెక్కలు తీయించాను. ట్రాఫిక్ సోర్స్‌లో YouTube advertising అనే వరుస ఉంటుంది. నలభై రెండు లక్షల్లో ముప్పై ఒక్క లక్ష అక్కడే ఉంది, అంటే డబ్బిచ్చి చూపించినవే. వేరే వీడియోకి ముందు వచ్చే స్కిప్ చేయగల ప్రకటనని ముప్పై సెకన్లు చూసినా, అంతకంటే చిన్నదైతే చివరిదాకా చూసినా, అదొక వ్యూ కింద పడుతుంది. ఆ చూసినవాడు అన్నం తింటూ ఫోన్ పక్కన పెట్టి ఉండొచ్చు. ఇక గూగుల్ యాడ్స్ ఖాతాలో ఊళ్లవారీగా చూస్తే ఎక్కువ భాగం హైదరాబాద్, బెంగళూరు. నా జిల్లా వాటా అందులో పిడికెడు. ఆ లెక్క థియేటర్లు పెంచకముందే అడగాల్సింది, నేను అడగలేదు. నువ్వు ఈరోజే అడుగు. నిర్మాత చూపించనంటే, థియేటర్లు పెంచకు.

అయినా ప్రకటన టికెట్ తెంపిందా లేదా అన్నది యూట్యూబ్‌లో కనపడదు. నీ లింకు ఎందరు నొక్కారో నీకు తెలుస్తుంది. నొక్కినవాడు బుక్‌మైషోకి వెళ్లాక కొన్నాడో లేదో వాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకని ఇలా చెయ్యి. తెనాలి, నరసరావుపేట రెండిట్లోనూ ఒకేలాంటి థియేటర్లు, ఒకే షోలు పెట్టు. మంగళవారం ఉదయం శుక్రవారం షోల సీట్ మ్యాప్ తెరిచి నిండిన సీట్లు లెక్కపెట్టు. రెండు రోజులు ప్రకటన ఒక్క తెనాలికే వెయ్యి, గురువారం ఉదయం మళ్లీ లెక్కపెట్టు.

తెనాలి అరవై నుంచి నూట యాభైకి వచ్చిందనుకో. తొంభై టికెట్లు పెరిగాయని ఎగిరి గంతేస్తావు. కానీ ప్రకటన వెయ్యని నరసరావుపేట కూడా యాభై నుంచి నూట ఇరవైకి పోయి ఉంటే? రిలీజు దగ్గరపడేకొద్దీ సీట్లు ఎలాగూ నిండుతాయి. అక్కడ 2.4 రెట్లయింది, అదే లెక్కన అరవై అనేది తెనాలిలో ఊరికే నూట నలభై నాలుగయ్యేది. ప్రకటన తెచ్చింది ఆరు టికెట్లు. టికెట్ నూట పది అనుకుంటే ఆరు వందల అరవై రూపాయలు, అదీ థియేటర్ వాటా తీయకముందు. ప్రకటనకి ఎనిమిది వేలు పోసి ఉంటే నువ్వే ఆలోచించుకో.

ఆరు టికెట్ల తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు, అందుకే రెండో వారం ఊళ్లు మార్చి చూడు. సీట్ మ్యాప్‌లో థియేటర్ వాళ్లు ఆపుకున్న సీట్లూ నిండినట్టే కనిపిస్తాయి. బుకింగ్ తెరిచిన నిమిషంలోనే మూసి ఉన్న వరుసలు రాసిపెట్టుకుని తీసెయ్యి. ఇంకోటి, మన ఊళ్లలో కౌంటర్ దగ్గరే కొనేవాళ్లు చాలామంది. వాళ్లు మ్యాప్‌లో ముందుగా కనపడరు. అందుకే చివరి మాట థియేటర్ ఇచ్చే రోజువారీ వసూళ్ల లెక్క, డీసీఆర్‌ది. షోవారీగా, క్లాసువారీగా రాత్రికి రాత్రే తెప్పించుకో, "రేపు పంపుతాం" అంటే ఒప్పుకోకు. నేను ఒప్పుకున్నాను, మూడు రోజులు చీకట్లో ఉన్నాను.

పెంచిన పది థియేటర్లు ఇంకా అగ్రిమెంట్ అవ్వలేదంటగా. ఆపు తల్లీ. ఖాళీ హాల్లో షో నడుస్తుంటే బయట నిలబడటం ఎలా ఉంటుందో నీకు తెలియకుండా ఉండాలని నా తాపత్రయం. మీ అత్తయ్య గాజులు విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది, ఆమె ఒక్క మాట అనలేదు. నీ బంగారం బీరువా దాటనివ్వకు.

గురువారం నేను తెనాలి వస్తున్నా. శుక్రవారం కౌంటర్ దగ్గర టికెట్లు నేను లెక్కపెడతా, నరసరావుపేట నువ్వు చూసుకో. రాత్రి పదింటికి ఫోన్ చేస్తా, ఎత్తు.

మీ మామయ్య