పెదవి పొక్కు, ఇంట్లో పసిపాప

“చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాను. నిన్న పెదవి అంచున చిమచిమలాడింది, ఈ ఉదయం నీటి పొక్కులు లేచాయి. అక్క, మూడు వారాల పాప మా ఇంట్లోనే ఉన్నారు. ఏం చేయాలి?”

ముందు పాప సంగతి చూడండి. ఇది హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే పొక్కు కావచ్చు. పెద్దవాళ్లకు చిన్న బాధే, నెలలోపు పసికందుకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు. పొక్కు ఎండి పెచ్చు రాలి, చర్మం పూర్తిగా మానేవరకు పాపను ముద్దాడకండి. వీలైనంత వరకు ఎత్తుకోవద్దు కూడా. పొక్కును తాకితే సబ్బుతో చేతులు కడగండి. గ్లాసు, తువ్వాలు, లిప్‌బామ్ వేరుగా ఉంచుకోండి. పాపకు జ్వరం, మత్తు, పాలు తాగకపోవడం, ఒంటిపై పొక్కు ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఇంట్లో ఈ పొక్కు ఉందని చెప్పండి.

ఇక మీకు. 5 శాతం ఎసైక్లోవిర్ క్రీము రోజుకు ఐదుసార్లు, ఐదు రోజులు అద్దండి, రుద్దవద్దు. చిమచిమ మొదలైనప్పుడే రాస్తే మేలు, అయినా ఒక రోజు ముందు మానుతుందేమో, అంతకంటే ఆశించకండి. మాత్రలు ఇంకాస్త బాగా పనిచేస్తాయి, ఈ రోజే డాక్టరును అడగండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము మాత్రం వద్దు, వైరస్ విజృంభిస్తుంది. పొక్కును చిదమకండి.

కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. పది రోజులకూ మానకపోయినా, తరచూ వస్తున్నా చర్మవైద్యులకు చూపించండి.