డ్రమ్ములు ఎన్ని పడతాయో కాదు, బండి ఎన్ని మోస్తుందో చూడు

అల్లుడూ,

బండికి ఎన్ని డ్రమ్ములు ఎక్కించవచ్చని నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి తొందరలో సరిగ్గా చెప్పలేకపోయాను. విశాఖ నుంచి రాయగడకు సోడియం సిలికేట్ డ్రమ్ములు, పది టైర్ల బండి, లోపల 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. 88 పడతాయి అన్నావు. టేపు పెట్టి కొలిచినదాంట్లో తప్పేం లేదు. డ్రమ్ము అడ్డం సుమారు 60 సెంటీమీటర్లు కాబట్టి వెడల్పులో నాలుగు, పొడవులో పదకొండు, అంటే కింద 44. పైన ఇంకో వరస వేస్తే 88. అవి పడతాయి కానీ బండి మోయకూడదు.

200 లీటర్లంటే 200 కిలోలు అనుకోవడం మన అందరికీ అలవాటు. అది నీళ్లకే సరిపోతుంది, అదీ డ్రమ్ము బరువు వదిలేస్తేనే. నీ సరుకు బిల్లులో సాంద్రత రాసి ఉంటుంది, లేదా బామే డిగ్రీ ఉంటుంది. 145 నుంచి ఆ డిగ్రీ తీసేసి, వచ్చినదాంతో 145ని భాగించు, అదే సాంద్రత. 48 డిగ్రీల సరుకైతే 145ని 97తో భాగిస్తే దాదాపు 1.5. అంటే 200 లీటర్లు 300 కిలోలు. ఇనప డ్రమ్ము ఇంకో 18 కిలోలు వేసుకో. ఒక్కోటి 318.

ఇప్పుడు బండి సంగతి. ఆర్‌సీలో మొత్తం బరువు 28,000 కిలోలు అని ఉందన్నావు. ఖాళీ బరువు మాత్రం ఆర్‌సీలోది నమ్మకు. తర్వాత కట్టించిన బాడీ, స్టెప్నీ, తాళ్లు, పట్టా, నిండు డీజిల్, డ్రైవరు, క్లీనరు అందులో ఉండవు. కాటా మీద ఖాళీగా తూయించు. 9,400 వచ్చిందనుకో, మిగిలేది 18,600. దాన్ని 318తో భాగిస్తే 58. నీ 88 ఎక్కిస్తే సరుకే 27,984 కిలోలు, బండితో కలిపి 37 టన్నులు దాటుతుంది.

ఇందులో ఒక గీత ఉంది, అది పట్టుకుంటే ప్రతి సరుకుకీ ఈ తంటా ఉండదు. 18,600ని 88తో భాగించు, డ్రమ్ముకు 211 కిలోలు వస్తుంది. 18 తీసేస్తే ద్రవం 193, అంటే సాంద్రత 0.97 దగ్గర. అంతకంటే తేలికైన సరుకుకు బండి ముందు నిండుతుంది, బరువైనదానికి కాటా ముందు నిండుతుంది. ఇంజను ఆయిలు 0.88 చుట్టూ ఉంటుంది కాబట్టి 88 హాయిగా వేసుకోవచ్చు. నీళ్లు కూడా ఈ గీత దాటతాయి, 85కే ఆగాలి.

నేను ఇది సుఖంగా నేర్చుకోలేదులే. కరోనా తగ్గిన ఏడాది ఇదే సరుకు 66 డ్రమ్ములు ఒప్పుకున్నాను. దాదాపు 2,400 కిలోలు ఎక్కువైంది. ఎక్కువ బరువుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. అది కట్టినా బండి కదలదు, ఎక్కువైంది దించాలి. ఎనిమిది డ్రమ్ములు ఎండలో రోడ్డు పక్కన దింపించి, ఇంకో చిన్న బండి పిలిపించాను. ఆ బాడుగ, హమాలీల కూలీ కలిపితే జరిమానా కంటే అదే ఎక్కువ మండింది.

అందుకని 58 కూడా వేయొద్దు. 56 చెప్పు: కింద 44, పైన మూడు నిండు వరసలు. లెక్కలోకి రాని చెక్కలకూ, వాన పడితే బరువెక్కే పట్టాకూ దాదాపు ఎనిమిది వందల కిలోలు వదిలినట్టవుతుంది. పైవరస కింద చెక్కలు పరచి, తాడు గట్టిగా బిగించు. ఆ పన్నెండూ వెనక డాలా దగ్గర పేర్చేరో, ఘాట్ ఎక్కేటప్పుడు ముందు టైర్లు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది. మధ్యలో, వెనక చక్రాలకు కాస్త ముందు ఉంచు. లోడయ్యాక ముందు చక్రాలు మాత్రం కాటా ఎక్కించి ఒక తూకం, తర్వాత బండి మొత్తం ఎక్కించి ఇంకొకటి తీయించు. రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే వెనక బరువు తెలుస్తుంది. అక్కడ 21 టన్నులు మించిందంటే పై డ్రమ్ములు ముందుకు జరపాలి.

ఇంకొకటి, ఇది చాలామంది చూడరు. పేరుకు 200 లీటర్ల డ్రమ్ములో 210 దాకా పడుతుంది. కొందరు నిండుగా పోస్తారు. అప్పుడు ఒక్కోటి 333 కిలోలు, నీ బండికి 55 మాత్రమే. ఎక్కించే ముందు ఏదో ఒక డ్రమ్ము తూయించు.

ఖాళీ బండి కాటా చీటీ, డ్రమ్ము తూకం ఫోటో తీసి పంపు. పార్టీకి సంఖ్య చెప్పేముందు నేనూ ఒకసారి గుణించి చూస్తాను.

మీ మామయ్య,
జయపురం