ప్రశ్నలు అడగడంపై ఒక రోజు వర్క్‌షాప్: నీ ప్లాన్ చూశాక

అమ్మాయీ,

నువ్వు పంపిన ప్లాన్ చదివాను. ముప్పై మంది టీచర్లు, ఒక రోజు, ప్రశ్నలు అడిగే పద్ధతులు. అంతవరకు బాగానే ఉంది. కానీ పొద్దున్న సెషన్ మొత్తం బ్లూమ్ వర్గీకరణ మీద ప్రసంగం పెట్టావు, అది తీసెయ్. ఆ ఆరు స్థాయిలు అందరూ ట్రైనింగ్‌లోనే చదువుకుని వచ్చారు. మళ్ళీ ఎత్తుకుంటే ఈ ప్రశ్న ఏ స్థాయిలోకి వస్తుందన్న వాదనతోనే టీ టైం అయిపోతుంది. ఆ వాదన తేలినా మర్నాడు క్లాసులో ఎవరూ వేరేగా ప్రశ్న అడగరు.

ఒక్క రోజులో చేతికి వచ్చేవి రెండే: ప్రశ్న అడిగాక ఆగడం, జవాబు వచ్చాక దాన్ని పట్టుకుని ఇంకో ప్రశ్న వేయడం. రోజంతా వీటి చుట్టూనే నడిపించు. మేరీ బడ్ రోవ్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల టేపులు విని చూస్తే, టీచర్లు ప్రశ్న అడిగాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, నోరు విప్పనివాళ్ళు తగ్గారు. ఆవిడ రెండు విరామాలు లెక్కపెట్టింది. ప్రశ్నకీ జవాబుకీ మధ్యది ఒకటి. పిల్లవాడు చెప్పి ఆపాక టీచరు మాట్లాడేదాకా ఉండేది రెండోది. ఈ రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు. 'వెరీ గుడ్' వచ్చి పడేది సరిగ్గా అక్కడే. ఆ మాట వినగానే మిగతా క్లాసు ఆలోచించడం ఆపేస్తుంది.

అసలు పని రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. ప్రతి టీచరూ ప్రధానోపాధ్యాయుల అనుమతితో తన క్లాసు పది నిమిషాలు ఫోన్‌లో ఆడియో రికార్డు చేసుకుని రావాలి. అది ఇంకెవరూ వినరనీ, వర్క్‌షాప్ అయ్యాక చెరిపేయవచ్చనీ ఆహ్వానంలోనే స్పష్టంగా రాయి. ఇయర్‌ఫోన్లు తెచ్చుకోమను. 'రికార్డింగ్ నాకు పంపండి' అని మాత్రం అనకు. అన్నావంటే సగం మంది ఆ పది నిమిషాలూ నటించి రికార్డు చేస్తారు.

తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి, పది నిమిషాల్లో పరిచయాలు ముగించు. తర్వాతి గంటా ఎవరి రికార్డింగ్ వాళ్ళు వింటారు. చేతిలో ఒక కాగితం, దాంట్లో మూడు గడులు: నేను అడిగిన ప్రశ్న, ఎన్ని సెకన్లు ఆగాను, జవాబు వచ్చాక నా మొదటి మాట. పది నిమిషాల ఆడియోకి గంట ఎందుకంటావేమో. ఆపి ఆపి వినాలి కదా, సరిపోతుంది. ఆ మూడో గడిలో ఒకే మాట పదే పదే కనబడేసరికి హాలు నిశ్శబ్దమవుతుంది. అప్పుడు నువ్వు వ్యాఖ్యానించకు. ఇరవై నిమిషాలు జంటలుగా, చెప్పాలనుకున్నంతే పక్కవాళ్ళకి చెప్పుకోనివ్వు.

టీ తర్వాత పదకొండుంపావుకి నువ్వే అరగంట పాఠం చెప్పి చూపించు. పదకొండు ముప్పావు నుంచి భోజనం దాకా సబ్జెక్టుల వారీగా కూర్చుని పాత ప్రశ్నల్ని తిరగరాయాలి. దీనికి ఒక నమూనా ముందుగా బోర్డు మీద చేసి చూపించకపోతే అందరూ ప్రశ్న చివర 'ఎందుకు' తగిలించి ఊరుకుంటారు. ఈ నమూనా వాడుకో.

పాత ప్రశ్న: 'మొక్క పెరగడానికి ఏమేం కావాలి?' నీళ్ళు, గాలి, ఎండ అని క్లాసంతా కోరస్‌గా చెబుతుంది. ఎవరికి అర్థమైందో టీచరుకి తెలియదు. కొత్త ప్రశ్న: 'విత్తనం అరచేతిలో పడుతుంది, చెట్టు టన్నుల బరువు. ఆ బరువు ఎక్కడినుంచి వచ్చింది?' ఇప్పుడు ఆగాలి. చాలామంది మట్టిలోంచి అంటారు. తప్పు అనకు, వెరీ గుడ్ కూడా అనకు. మూడు సెకన్లు ఆగి, 'అలాగైతే కుండీలో మట్టి ఏమవ్వాలి?' అని అడుగు. తగ్గాలి అంటారు. అప్పుడు వాన్ హెల్మాంట్ ప్రయోగం చెప్పు. ఆయన కుండీలో నాటిన విల్లో మొక్క ఐదేళ్ళలో దాదాపు 75 కిలోలు పెరిగింది, మట్టి మాత్రం 60 గ్రాములు కూడా తగ్గలేదు. మరి బరువు ఎక్కడిది? నీళ్ళు అంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు. తడి ఆరిపోగా మిగిలే బరువులో ఎక్కువ భాగం గాల్లోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చిందన్నది ఇక ఆ పాఠంలో తేలాల్సిన విషయం. పిల్లలు ఇచ్చే తప్పు జవాబు ఏమిటో ముందే ఊహించి, దాని తర్వాతి ప్రశ్న సిద్ధం చేసుకోవడమే ఇక్కడ పని. అందుకని ప్రతి గుంపూ ఒకే ప్రశ్న తీసుకుని, రాగల జవాబులు మూడు రాసి, ఒక్కోదానికి తర్వాతి ప్రశ్న రాయాలి. పది ప్రశ్నలు రాయించకు.

ఒకటి మరిచిపోకుండా చెప్పు: ఆగడం అన్ని ప్రశ్నలకీ పనికిరాదు. ఎక్కం అప్పజెప్పించేటప్పుడు మూడు సెకన్లు ఆగితే ఒరిగేదేమీ లేదు. ఆగుతున్నామనుకుని ప్రశ్నని ఇంకో రకంగా మళ్ళీ అడిగేవాళ్ళూ ఉంటారు, అది ఆగడం కాదు. పిల్లలు రెండో ప్రశ్నని మొదటినుంచి ఆలోచించుకోవాల్సి వస్తుంది.

భోజనం తర్వాత ఒంటిగంట ముప్పావు నుంచి మూడింటి దాకా సూక్ష్మబోధన. ఐదుగురు చొప్పున ఆరు గుంపులు. పది నిమిషాలు తయారీకి, ఆ తర్వాత ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు పాఠం, నాలుగు నిమిషాలు చర్చ. ఒకరు టీచరు, ముగ్గురు పిల్లలు, ఒకరు పరిశీలకులు. ఇది సాధారణంగా చెడిపోయేది పిల్లల వేషం దగ్గరే. టీచర్లు పిల్లలుగా కూర్చుంటే అన్నీ టకటకా సరిగ్గా చెప్పేస్తారు, ఇక తర్వాతి ప్రశ్న అవసరమే రాదు. ముగ్గురికీ చీటీలు ఇవ్వు: ఒకరు ధీమాగా తప్పు చెప్పాలి, ఒకరు ఒక్క మాటతో సరిపెట్టాలి, ఒకరు పేరు పెట్టి పిలిస్తే తప్ప మాట్లాడకూడదు. పరిశీలకులు అభిప్రాయాలు చెప్పకూడదు. వాచీ చూసి సెకన్లు, జవాబు తర్వాతి మొదటి మాట రాసుకుని అవే చదివి వినిపించాలి. లేకపోతే 'చాలా బాగా చెప్పారు మేడం' దగ్గరే చర్చ ముగిసిపోతుంది.

మూడుంపావుకి ఇరవై నిమిషాలు, వచ్చే వారం పాఠానికి ఒక్కొక్కరూ ఒక ప్రశ్న తయారు చేసుకుంటారు. ఆ వెంటనే ఫీడ్‌బ్యాక్ ఫారం. వందన సమర్పణ తర్వాత ఇస్తే బస్సు టెన్షన్‌లో గబగబా టిక్కులు పెట్టేసి పోతారు. నీ ఫారంలో 'భోజనం, వసతి, శిక్షకులు: బాగుంది/చాలా బాగుంది' అని ఉంది, దాంతో ఏమీ తెలియదు. పేరు అడగకుండా, సబ్జెక్టూ తరగతీ మాత్రం అడిగి, ఇలా పెట్టు:

1. వచ్చే వారం ఏ పాఠంలో, ఏ ప్రశ్న అడగబోతున్నారు? ప్రశ్నని యథాతథంగా రాయండి.
2. దానికి రాగల ఒక తప్పు జవాబు, మీ తర్వాతి ప్రశ్న రాయండి.
3. ఈ రోజు ఏ కార్యక్రమానికి సమయం తగ్గించవచ్చు? ఎందుకు?
4. మీ క్లాసులో ఇది అమలు చేయడానికి అడ్డొచ్చేది ఏమిటి?
5. సూక్ష్మబోధనలో నాకు స్వయంగా ప్రయత్నించే అవకాశం దొరికింది: అసలు లేదు / కొంత / చాలినంత.

మొదటి రెండూ ఖాళీగా ఉన్న ఫారాలు ఎన్నో ముందు లెక్కపెట్టు. అవి ఎక్కువైతే తిరగరాసే సెషన్ అందలేదని అర్థం, ఐదో దానికి అందరూ 'చాలినంత' అని పెట్టినా సరే. నాలుగో దానికి సిలబస్ పూర్తవదని చాలామంది రాస్తారు. అది సాకు కాదు, వాళ్ళకి పీరియడ్‌కి అలాంటి ప్రశ్న ఒక్కటి చాలని సాయంత్రమే చెప్పి పంపించు. నెల తర్వాత మళ్ళీ పది నిమిషాలు రికార్డు చేసుకుని అదే మూడు గడుల కాగితం నింపమను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఏం మారిందో రెండు వాక్యాలు రాసి పంపితే చాలు, కాగితాలు వాళ్ళ దగ్గరే ఉంచుకోవచ్చు.

చీటీల్లో ఏం రాస్తున్నావో నాకు ఒకసారి చూపించు.

ఆశీస్సులతో,
మాస్టారు